సరుకు ఆలస్యమైనప్పుడు పెద్ద కస్టమర్‌కు ఏ ఉత్తరం రాయాలి? నాలుగు పద్ధతుల పోలిక

చెప్పిన తేదీకి సరుకు వెళ్లదని తేలిన రోజున చాలా ఆఫీసుల్లో జరిగేది ఒకటే. పాత ఫైల్లోని క్షమాపణ ఉత్తరం బయటికి తీస్తారు, తేదీ మారుస్తారు, పంపేస్తారు. "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్న వాక్యం అందులో తప్పకుండా ఉంటుంది. అవతల చదివే పర్చేజ్ మేనేజర్‌కు పనికొచ్చే ముక్క మాత్రం వెతికినా దొరకదు. నిజానికి ఆ రోజు సేల్స్ ఎగ్జిక్యూటివ్ రాయగలిగిన ఉత్తరాలు నాలుగు రకాలు. ఏది ఎప్పుడు రాయాలో తేల్చుకోలేని వారి కోసమే ఈ పోలిక.

గాలిలో మాట్లాడుకోకుండా ఒక ఉదాహరణ కల్పించుకుందాం. విజయవాడ శివార్లలో ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఉంది. దాని పెద్ద కస్టమర్ భీమవరం వైపున్న రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. ఆర్డరు 6,000 మాస్టర్ కార్టన్లు, ఒక్కోటి 50 రూపాయలు, మొత్తం 3 లక్షలు. ఇవ్వాల్సిన తేదీ 10. ఒక్కో పెట్టెలో 1.8 కిలోల చిన్న డబ్బాలు ఆరు పడతాయి, అంటే 10.8 కిలోలు. 1,500 పెట్టెలు నింపితే 16.2 టన్నులు, సరుకును గడ్డకట్టించి ఉంచే నలభై అడుగుల రీఫర్ కంటైనర్ ఒకదానికి సరిపడే సరుకు. కాబట్టి మన 6,000 పెట్టెలు కస్టమర్ లెక్కలో నాలుగు కంటైనర్లు. 7వ తేదీన ఫ్యాక్టరీలో కాగితం పొరలు అతికించి అట్ట తయారుచేసే కరుగేటర్ యంత్రం బేరింగ్ పోయింది. మరమ్మతుకు 12 దాకా పడుతుంది.

## ముందు చూడవలసినవి

అన్నిటికన్నా ముందు, కస్టమర్ ఇంకా తీసుకోవలసిన నిర్ణయం ఏదో తెలుసుకోవాలి. సరుకు ఇంకా రాకపోతే ఆయన చేతిలో నిర్ణయాలు ఉన్నాయి: కంటైనర్ బుకింగ్ ఉంచాలా, వెనక్కి జరపాలా, పెట్టెలు ఇంకొకరి దగ్గర కొనాలా, విదేశీ కొనుగోలుదారుకు ఏమని చెప్పాలి. వీటికి సమాచారం కావాలి. సరుకు వచ్చేశాక ఆ నిర్ణయాలు ముగిసిపోయాయి, ఇక మిగిలింది నష్టమూ అనుమానమూ. ఈ రెండు సందర్భాలకూ ఒకే ఉత్తరం పనిచేయదు.

మన ఉదాహరణలో పర్చేజ్ ఆర్డరు, అంటే పీవో మీద ఉన్న తేదీ 10. కానీ కస్టమర్‌కు నిజంగా ముఖ్యమైన తేదీలు వేరే. విశాఖ పోర్టులో మొదటి కంటైనర్ కటాఫ్, అంటే అది పోర్టుకు చేరాల్సిన ఆఖరి తేదీ, 14, రెండోది 19, మిగతా రెండూ 23 అనుకుందాం. ఈ తేదీలు మన పీవోలో ఉండవు. ప్లాంటులో డిస్పాచ్ చూసే మనిషిని అడిగితే ఒక్క ఫోనుతో తెలుస్తాయి. తెలిసిన మరుక్షణం ఉత్తరం స్వరూపమే మారిపోతుంది: 10వ తేదీ చేజారింది, నాలుగు కంటైనర్లలో ఒక్కదాని ఓడా ఇంకా చేజారలేదు.

రెండోది, కారణం మీకు ఎంత ఖాయంగా తెలుసు అన్నది. "యంత్రం చెడిపోయింది" అన్నది కారణంలో సగమే. ఏ భాగం పోయింది, విడిభాగం ఎక్కడినుంచి వస్తోంది, వచ్చాక ఎన్ని గంటల పని అన్నవి తెలియకుండా రాసిన కొత్త తేదీ ఊహే అవుతుంది.

మూడోది, ఆలస్యం గురించి పీవోలో ఏమి ఒప్పుకున్నాం అన్నది. నాలుగోది, ఉత్తరం చివరికి ఎవరి బల్ల మీదకు వెళుతుంది అన్నది. పర్చేజ్ మేనేజర్ దాన్ని తన యజమానికి చూపిస్తారు. ఒక్కోసారి ఆ యజమాని విదేశీ కొనుగోలుదారుకు పంపిస్తారు. అక్కడ ఇబ్బంది పెట్టే వాక్యం ఇక్కడ రాయకూడదు.

## నాలుగు పద్ధతులు ఒకచోట

| పద్ధతి | ఎప్పుడు పంపాలి | కస్టమర్‌కు దక్కేది | మనకు ఉన్న చిక్కు |
|---|---|---|---|
| తక్షణ సమాచారం | ఆలస్యం తప్పదని తెలిసిన రోజే | వేరే ఏర్పాటు చూసుకునే వ్యవధి | పూర్తి వివరం లేనందున వెంటనే ప్రశ్నలు వస్తాయి |
| కారణం, కొత్త తేదీల ఉత్తరం | కారణం, మరమ్మతు గడువు తేలాక | ప్రణాళిక వేసుకోగల తేదీలు | తేదీ రెండోసారి తప్పితే మాటకు విలువ ఉండదు |
| పరిహారం ఉత్తరం | నష్టం లెక్క తేలాక | డబ్బు, లేదా దానికి సమానమైన సదుపాయం | రాసిన ప్రతి మాటా మనల్ని కట్టిపడేస్తుంది |
| డైరెక్టర్ సంతకంతో స్వయంగా అందించేది | నమ్మకమే పోయే స్థితిలో | పెద్దవారు పట్టించుకున్నారన్న భరోసా | మళ్లీ మళ్లీ వాడితే విలువ పోతుంది |

ఇవి ఒకదానికొకటి పోటీ కావు. ఒకే ఆలస్యంలో రెండు మూడు అవసరం కావచ్చు. వరస తప్పడమే అసలు ప్రమాదం.

## తక్షణ సమాచారం

ఇది నాలుగైదు వాక్యాలు దాటకూడదు. 8వ తేదీ ఉదయం పంపేది ఇలా ఉంటే చాలు: "మా కరుగేటర్ యంత్రం నిన్న మధ్యాహ్నం ఆగిపోయింది. 10వ తేదీకి 6,000 పెట్టెలు ఇవ్వలేము. మొదటి కంటైనర్‌కు కావలసిన 1,500 పెట్టెలు వేరే మార్గంలో సమకూర్చే ప్రయత్నంలో ఉన్నాం. రేపు మధ్యాహ్నం 12 గంటలలోగా ఖాయమైన తేదీలు రాస్తాను. ఈలోగా మీరు వేరేచోట పెట్టెలు చూసుకోవాలనుకుంటే మాకు అభ్యంతరం లేదు."

చివరి వాక్యం చూసి సేల్స్ వాళ్లు జంకుతారు. ఆర్డరు మనమే వదులుకుంటున్నట్టు అనిపిస్తుంది. అయితే ఈ రకం పెట్టె మీద విదేశీ బ్రాండు ముద్ర ఉంటుంది, దాన్ని వేసే అచ్చు, అంటే స్టీరియో, మన దగ్గరే ఉంటుంది. రెండు రోజుల్లో మరొకరు అదే పెట్టె చేసివ్వడం తేలిక కాదు. ఆ వాక్యం వల్ల పోయే ఆర్డరు కన్నా నిలిచే గౌరవమే ఎక్కువ. స్టాకు పెట్టె, సాదా టేపు లాంటి ఎక్కడైనా దొరికే సరుకైతే మాత్రం లెక్క వేరు. అక్కడ ఆ మాట రాసే ముందు మేనేజర్‌ను అడగండి.

ఈ సమాచారాన్ని ఫోనులో చెప్పి ఊరుకోవద్దు. ఫోను చేయండి, వెంటనే మెయిల్ కూడా పంపండి. మనం 8వ తేదీనే చెప్పామని తర్వాత చూపించేది ఆ మెయిలే.

## కారణం, కొత్త తేదీల ఉత్తరం

ఎక్కువ సందర్భాల్లో అసలు ఉత్తరం ఇదే. ఎక్కువ మంది చెడగొట్టేదీ ఇదే.

కొత్త తేదీని ప్రొడక్షన్ సూపర్‌వైజర్ నోటి నుంచి విన్నది విన్నట్టు రాయడం మొదటి పొరపాటు. ఆయన చెప్పేది యంత్రం తిరిగే తేదీ. కస్టమర్‌కు కావలసింది పెట్టెలు గేటు దగ్గర దిగే తేదీ. ఈ రెండిటి మధ్య ప్రింటింగ్, స్లాటింగ్, కుట్టు లేదా అతుకు, కట్టలు కట్టడం, లారీ ఉన్నాయి. వీటన్నిటికన్నా ముఖ్యంగా అట్ట ఆరాలి. పొరలను అతికించే గంజి తడి పోకుండా ముద్రించి పంపితే చూడటానికి పెట్టె బాగానే ఉంటుంది. సున్నా కింద 18 డిగ్రీల కోల్డ్ స్టోరేజీలో పది వరసలు పేర్చాక కింది వరస నలుగుతుంది. ఆలస్యం ఒక తప్పు, నలిగిన పెట్టె రెండో తప్పు. ఆదరాబాదరాగా ఇచ్చిన తేదీ చాలాసార్లు ఈ రెండో తప్పునే తెచ్చిపెడుతుంది. అందుకే ఆరబెట్టే రోజును కలుపుకునే తేదీ ఇవ్వాలి.

మన ఉదాహరణలో ఒక దారి ఉంది. ఆగింది కరుగేటర్ మాత్రమే. ప్రింటింగ్, స్లాటింగ్ యంత్రాలు నడుస్తున్నాయి. కాబట్టి మొదటి 1,500 పెట్టెలకు తయారైన అట్ట షీట్లు బయటి ఫ్యాక్టరీ నుంచి కొని, మన దగ్గర ముద్రించి ఇవ్వవచ్చు. పెట్టెకు 4 రూపాయలు ఎక్కువ పడితే మొత్తం 6,000 రూపాయలు. అది మనం భరిస్తాం. ఈ ఉత్తరం ఇలా రాయవచ్చు:

> పర్చేజ్ మేనేజర్ గారికి,
> నమస్కారం.
>
> మీ 6,000 మాస్టర్ కార్టన్లు 10వ తేదీకి ఇవ్వలేకపోతున్నాం. ఇందుకు బాధ్యత మాదే. క్షమించమని కోరుతున్నాను.
>
> 7వ తేదీ మధ్యాహ్నం మా కరుగేటర్ ప్రధాన బేరింగ్ విరిగింది. ఆ బేరింగ్ మా స్టోర్సులో విడిగా లేదు. ఉండవలసింది. కొత్తది 11న వస్తుంది, 12 సాయంత్రానికి యంత్రం నడుస్తుంది.
>
> మీ డిస్పాచ్ విభాగం చెప్పిన కటాఫ్ తేదీల ప్రకారం సరుకును ఇలా పంపుతాం:
>
> మొదటి కంటైనర్ (కటాఫ్ 14): 1,500 పెట్టెలు, 12 రాత్రికి మీ గేటు దగ్గర. వీటికి షీట్లు బయట కొంటున్నాం. కాగితం బరువు, పగులుబలం మీ స్పెసిఫికేషన్ ప్రకారమే ఉంటాయి. పరీక్ష రిపోర్టు సరుకుతో పాటు వస్తుంది. అదనపు ఖర్చు మాదే.
>
> రెండో కంటైనర్ (కటాఫ్ 19): 1,500 పెట్టెలు, 16 సాయంత్రానికి.
>
> మూడు, నాలుగు కంటైనర్లు (కటాఫ్ 23): 3,000 పెట్టెలు, 19 సాయంత్రానికి.
>
> బయటి షీట్లతో చేసిన పెట్టె మీకు సమ్మతమో కాదో రేపు ఉదయం 10 గంటలలోగా తెలియజేయగలరు. నమూనా పెట్టెలు రెండు ఈ సాయంత్రం మనిషితో పంపుతున్నాను. వద్దనుకుంటే మొదటి 1,500 కూడా 16కే ఇవ్వగలం. అప్పుడు 14 నాటి కంటైనర్ జరపవలసి వస్తుంది.
>
> 12 నుంచి 19 వరకు ప్రతి సాయంత్రం 5 గంటలకు ఆ రోజు తయారైన పెట్టెల సంఖ్య మీకు పంపుతాను. ఏ లాటు అయినా ఆలస్యమయ్యే సూచన కనిపిస్తే డిస్పాచ్‌కు 48 గంటల ముందే చెబుతాను.
>
> ఇట్లు,
> సేల్స్ ఎగ్జిక్యూటివ్

ఈ ఉత్తరంలో క్షమాపణ ఒక్క చోటే ఉంది, అదీ మొదట్లోనే. ప్రతి పేరాకూ ఒకసారి క్షమించమని అడిగితే చదివేవారికి విసుగు పుడుతుంది. "ఉండవలసింది" అన్న చిన్న మాట మూడు వరసల సంజాయిషీ కన్నా ఎక్కువ పని చేస్తుంది, ఎందుకంటే కారణం ఎవరి మీదకూ నెట్టడం లేదు. యంత్రం చెడితే దాన్ని దైవాధీనమని రాయడం ఈ రంగంలో పాత అలవాటు. తుపాను వల్ల రోడ్డు తెగితే అది వేరు. బేరింగ్ మార్చుకోకపోవడం దేవుడి పని కాదని ప్లాంటు నడిపే వారందరికీ తెలుసు.

కస్టమర్‌కు ఒక నిర్ణయం వదిలిపెట్టాం, దాని గడువూ చెప్పాం. రెండు దారుల్లో ఏది ఎంచుకుంటే ఏమవుతుందో దాచలేదు. "ఇకముందు ఇలా జరగదు" అన్న హామీ మాత్రం ఎక్కడా లేదు. యంత్రాలున్న చోట అది ఎవరూ ఇవ్వలేని హామీ.

## పరిహారం ఉత్తరం

ఇక్కడ లెక్క వేసి చూస్తేగానీ విషయం అర్థం కాదు. మన పీవోలో, చాలా కొనుగోలు ఒప్పందాల్లో లాగే, ఆలస్యమైన సరుకు విలువ మీద వారానికి అర శాతం, గరిష్ఠంగా 5 శాతం కోత ఉందనుకుందాం. వారంలో భాగాన్నీ వారంగానే లెక్కిస్తారనుకుందాం. మొదటి లాటు 2 రోజుల ఆలస్యం: 75,000 మీద 375 రూపాయలు. రెండోది 6 రోజులు: మరో 375. మూడో లాటు విలువ లక్షా యాభై వేలు, 9 రోజుల ఆలస్యం రెండు వారాల కింద వస్తుంది: 1,500. మొత్తం 2,250 రూపాయలు.

3 లక్షల ఆర్డరులో ఈ మొత్తం ఏ కస్టమర్‌కూ ఓదార్పు కాదు. ఒక్క కంటైనర్ ఓడ తప్పితే కోల్డ్ స్టోరేజీ అద్దె, పోర్టులో రీఫర్‌కు కరెంటు చార్జీలు, బుకింగ్ మార్పు, కొనుగోలుదారు దగ్గర మాటపోవడం కలిసి దానికి ఎన్నో రెట్లవుతాయి. అందుకే 2,250కి క్రెడిట్ నోటు జతచేసి "మీ నష్టానికి పరిహారంగా" అని రాస్తే అది ఎగతాళిలా ఉంటుంది. ఆ కోతను మామూలుగా ఒప్పుకుని ఒక వాక్యంలో చెప్పేయండి. నిజంగా విలువైనది వేరే రూపంలో ఇవ్వండి.

మన ఫ్యాక్టరీ ఇవ్వగలిగిన మంచి పరిహారం నిల్వ. కస్టమర్ ముద్రతో 1,500 పెట్టెలు, అంటే ఒక కంటైనర్‌కు సరిపడా, వచ్చే మూడు నెలలు మన గోడౌనులో సిద్ధంగా ఉంచుతామని రాయవచ్చు. మనకు 75,000 విలువైన సరుకు ఇరుక్కుంటుంది. వాళ్లకు యంత్రం ఆగినా ఒక ఓడ ఆగదన్న ధైర్యం దొరుకుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. మధ్యలో కొనుగోలుదారు డిజైన్ మారిస్తే ఆ పెట్టెలు చిత్తు కాగితమే. కాబట్టి "ముద్ర మార్పు 30 రోజుల ముందు తెలియజేయాలి, లేకుంటే నిల్వ ఉన్న పెట్టెలు మీరే తీసుకోవాలి" అన్న షరతు అదే ఉత్తరంలో ఉండాలి. ఉదారంగా రాసి షరతును తర్వాత గుర్తుచేస్తే ఉన్న నమ్మకమూ పోతుంది.

చట్టం సంగతి కొంచెం. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 55వ సెక్షన్ ప్రకారం, గడువే కీలకమైన ఒప్పందంలో ఆలస్యంగా వచ్చిన సరుకును కస్టమర్ ఒప్పుకుని తీసుకుంటే, ఆ ఆలస్యానికి నష్టపరిహారం అడిగే హక్కు పోతుంది. తీసుకునేటప్పుడే అడుగుతానని నోటీసు ఇస్తే మాత్రం ఉంటుంది. అందుకే తెలిసిన పర్చేజ్ మేనేజర్లు సరుకు దింపుకుంటూనే "మా హక్కులు నిలుపుకుంటూ స్వీకరిస్తున్నాం" అని ఒక మెయిల్ పెడతారు. దాన్ని చూసి సంబంధం చెడిందని కంగారుపడి ఘాటుగా జవాబు రాయకండి. అది వాళ్ల కాగితం పని.

73వ సెక్షన్ ఇంకో జాగ్రత్త నేర్పుతుంది. మామూలుగా కలిగే నష్టం, ఒప్పందం చేసుకునేటప్పుడే ఇద్దరికీ తెలిసిన నష్టం పరిహారం లెక్కలోకి వస్తాయి, దూరపు నష్టం రాదు. ఓడ తేదీలు ఆర్డరు ఇచ్చినప్పుడే మనకు తెలుసా, ఆలస్యమయ్యాక తెలిశాయా అన్నది అందుకే ముఖ్యం. పైన ఉత్తరంలో "మీ డిస్పాచ్ విభాగం చెప్పిన కటాఫ్ తేదీల ప్రకారం" అని జరిగింది జరిగినట్టు రాశాం. "మీ ఓడల తేదీలు మొదటినుంచీ మాకు తెలిసినవే కదా" అని చనువుగా రాసి ఉంటే అర్థం మారేది. ఆలస్యానికి బాధ్యత ఒప్పుకోవడానికి ఎగ్జిక్యూటివ్ వెనకాడనక్కర్లేదు. "మీకు కలిగిన నష్టమంతా భరిస్తాం" అన్న వాక్యానికి మాత్రం డైరెక్టర్ ఆమోదం ఉండాలి. క్రెడిట్ నోటులో జీఎస్టీ సంగతి అకౌంటెంట్‌ను అడగకుండా ఉత్తరంలో పెట్టవద్దు.

## డైరెక్టర్ సంతకంతో స్వయంగా

ఆలస్యం ఇదే మొదటిసారైతే దీని అవసరం లేదు. ఏడాదిలో రెండోసారి జరిగినా, ఓడ నిజంగానే తప్పినా, మనం ముందు చెప్పకుండా కస్టమరే కనిపెట్టినా అప్పుడు కావాలి. మూడో సందర్భమే అన్నిటికన్నా గడ్డుది. అక్కడ పోయింది తేదీ కాదు, మన మాట.

వెళ్లి మాట్లాడిన తర్వాతే ఈ ఉత్తరం రాయాలి. ముందే టైపు చేసుకుని వెళ్లి చేతిలో పెడితే వారు చెప్పేది వినడానికి రాలేదని అర్థమవుతుంది. ప్లాంటు యజమాని కోపంగా చెప్పిన వాటిలో మనం ఒప్పుకున్నవి, చేస్తామన్నవి, చేయలేమన్నవి మరునాడు ఒక పేజీలో రాసి పంపాలి. సంతకం డైరెక్టర్‌ది, రోజూ మాట్లాడాల్సిన మనిషి పేరు మాత్రం ఎగ్జిక్యూటివ్‌దే ఉండాలి. లేకపోతే తర్వాత ప్రతి చిన్న విషయానికీ కస్టమర్ నేరుగా డైరెక్టర్‌కే ఫోను చేస్తారు, మధ్యలో మీరు అక్కరకు రాని మనిషవుతారు.

## ఎవరికి ఏది

కస్టమర్ పెద్ద కంపెనీ అయి, సప్లయర్లకు మార్కులు వేసే పద్ధతి ఉన్న చోట, మర్యాద మాటలకన్నా కారణం, దిద్దుబాటు చర్య, తేదీ అన్న మూడు గళ్లే చదువుతారు. రెండో పద్ధతి ఉత్తరాన్నే వారి ఫారం వరసలో రాయండి. విడి బేరింగ్ ఏ తేదీన స్టోర్సులోకి వచ్చిందో బిల్లు కాపీ జతచేస్తే ఆ గడి మూసేస్తారు.

యజమానే కొనుగోళ్లు చూసుకునే ప్లాంటైతే ముందు ఫోను, అదే రోజు తక్షణ సమాచారం, మరునాడు తేదీల ఉత్తరం. ఇరవై ఏళ్ల పరిచయం ఉన్నవారికి ఉత్తరమెందుకు, మాట చాలదా అనుకోవచ్చు. వారి కింద డిస్పాచ్ చూసే కుర్రవాడికి మీతో ఇరవై ఏళ్ల పరిచయం లేదు. కంటైనర్ తేదీలు సర్దేది అతను.

మీది చిన్న ఫ్యాక్టరీ, నిల్వకు 75,000 ఇరికించే స్తోమత లేదనుకుంటే మూడో పద్ధతి జోలికి వెళ్లకండి. 48 గంటల ముందు హెచ్చరిక అన్న మాట ఇచ్చి, దాన్ని ఆరు నెలలు తప్పకుండా నిలబెట్టుకోండి. దానికి ఖర్చు లేదు. అయితే ప్రొడక్షన్ వాళ్లు మీకు నిజం చెప్పాలి, అందుకు వాళ్లు నిజం చెప్పినప్పుడు మీరు అరవకూడదు.

కొత్తగా చేరిన ఎగ్జిక్యూటివ్‌కు నా సలహా, మొదటి రెండు పద్ధతులు సొంతంగా రాయండి, తర్వాతి రెండూ పైవారిని కూర్చోబెట్టుకుని రాయండి. చివరి లాటు దిగాక మీ అకౌంట్స్ విభాగానికి ఆ 2,250 కోత సంగతి ముందే చెప్పి ఉంచండి. లేకపోతే నెల తర్వాత పేమెంట్ తక్కువ వచ్చిందని వాళ్లు కస్టమర్‌కు రిమైండర్ పంపుతారు, మీ పని మళ్లీ మొదటికొస్తుంది.